బ్లేడు ఆగాకే తలుపు: జర్మన్ మిషను పుస్తకంలో హెచ్చరికలు చదవడం

ప్లైవుడ్ షీట్లను కచ్చితమైన కొలతకు కోసే ప్యానెల్ సా మాడ్యులర్ కిచెన్ల వర్క్‌షాపుల్లో తప్పనిసరి. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు జర్మనీలో కొన్నేళ్లు వాడిన మిషను కోసం వెతుక్కుంటారు. అలా వచ్చిన మిషను గట్టిగానే ఉంటుంది, ధరా కలిసొస్తుంది. దాంతోపాటు వచ్చే పుస్తకం మాత్రం చాలాసార్లు జర్మన్‌లోనే ఉంటుంది. ఇందులో అమ్మినవాళ్ల నిర్లక్ష్యమేమీ లేదు. యూరప్ నిబంధనల ప్రకారం మిషనును ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు భాషలో సూచనల పుస్తకం ఇవ్వాలి. మొదట జర్మనీలో అమ్మిన మిషనుకు జర్మన్ పుస్తకం ఉంటే చట్టానికి సరిపోయింది.

అందుకే మొదట చేయాల్సిన పని ఇంగ్లిష్ ప్రతి కోసం అడగడం. మిషను పక్కన రివెట్లు కొట్టిన రేకు మీద మోడల్, సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం ఉంటాయి. ఈ మూడూ రాసి పంపితే తయారీదారు సరైన ప్రతి వెతికి ఇవ్వగలుగుతాడు. మోడల్ పేరు ఒకటే అయినా వేరే ఏడాది పుస్తకంలో స్విచ్చులు, గార్డులు వేరుగా ఉండొచ్చు, కాబట్టి మూడూ కావాలి. ఇంగ్లిష్ ప్రతి వచ్చాక కూడా జర్మన్ పుస్తకాన్ని పారేయొద్దు. అట్ట మీద ‘ఒరిగినాల్‌బెట్రీబ్స్‌ఆన్‌లైటుంగ్’ అని ఉంటే అది అసలు ప్రతి. ఇంగ్లిష్‌ది దానికి అనువాదం, ఆ సంగతి దాని అట్ట మీదే రాయాలని నిబంధన. రెండింటికీ పొత్తు కుదరని చోట అసలు ప్రతి ఏమంటోందో చూసుకోవాలి.

జర్మన్ రానివాళ్లు కూడా అందులోని హెచ్చరికలను చాలావరకు పట్టుకోవచ్చు. వాటిని ఇష్టమొచ్చినట్టు రాయరు, అన్నిటికీ ఒకే చట్రం ఉంటుంది. పైన ఒక పెద్ద మాట, పక్కన త్రికోణం. దాని కింద ప్రమాదం ఏమిటి, ఎక్కడి నుంచి వస్తుంది, పట్టించుకోకపోతే ఏమవుతుంది అన్నవి వరసగా వస్తాయి. చివర చిన్న బాణం గుర్తుతో చేయాల్సిన పని. ఈ వరస తెలిస్తే సగం మాటలు తెలియకపోయినా ఏ వాక్యం దేని గురించో అర్థమవుతుంది.

పైనున్న పెద్ద మాటే ప్రమాదం తీవ్రతను చెబుతుంది. ‘గెఫార్’ అని ఎర్రగా ఉంటే, తప్పించుకోకపోతే చావు గానీ తీవ్ర గాయం గానీ ఖాయం. ‘వార్నుంగ్’ నారింజ రంగులో వస్తుంది. అక్కడా చావు, తీవ్ర గాయమే, కాకపోతే జరగొచ్చు, జరగకపోవచ్చు. ఈ రెంటి మధ్య తేడా గాయం పెద్దదా చిన్నదా అని కాదు, జరగడం ఎంత ఖాయం అన్నది. అందుకే వార్నుంగ్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. పసుపు రంగులో ‘ఫోర్‌జిష్ట్’ వస్తే చిన్న, ఓ మోస్తరు గాయాల సంగతి. ఈ మాట ఇంగ్లిష్ ‘వి’ అక్షరంతో మొదలవుతుంది గానీ జర్మన్లు దాన్ని ‘ఫ’ అని పలుకుతారు.

అసలు తికమక ‘ఆఖ్‌టుంగ్’తో. సినిమాల్లో జర్మన్ సైనికులు అరిచే మాట కాబట్టి అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక అదేనేమో అనిపిస్తుంది. కొత్త పుస్తకాల్లో చాలావరకు అది మనిషికి కాదు, మిషనుకో సరుకుకో జరిగే నష్టానికే వాడతారు. దాని పక్కన త్రికోణం ఉండదు, రంగు నీలం. కొందరు తయారీదారులు ఇదే చోట ‘హిన్‌వైస్’ అని రాస్తారు. పాత పుస్తకాల్లో మాత్రం ఆఖ్‌టుంగ్‌ను ప్రాణాపాయానికీ వాడేవారు. మీ పుస్తకంలో ఏది దేనికో మొదటి పేజీల్లో గుర్తుల పట్టికలో ఉంటుంది. అది చూడకుండా ముందుకు వెళ్లొద్దు. బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ అయితే రంగులు పోతాయి కాబట్టి మాటా, త్రికోణమే దిక్కు.

ఇప్పుడు ప్యానెల్ సా పుస్తకాల్లో ఉండే తరహా హెచ్చరికను ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. పైన వార్నుంగ్. కింద, ఆపాక కూడా తిరుగుతూనే ఉండే బ్లేడు వల్ల గాయమయ్యే ప్రమాదం అని ఒక వాక్యం. తర్వాత, స్విచ్ ఆపినా బ్లేడు వెంటనే ఆగదు, లోతుగా తెగే గాయాలు కావొచ్చు అని. చివర బాణం గుర్తుతో: బ్లేడు మార్చే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, మళ్లీ ఎవరూ వేయకుండా కట్టడి చేయాలి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా వేచి ఉండాలి.

ఈ చివరి వాక్యాల తీరు తెలుగువాళ్లకు కొంత కలిసొస్తుంది. ‘హాప్ట్‌షాల్టర్ ఔస్‌షాల్టెన్’. మెయిన్ స్విచ్ మొదట, ఆపడం చివర. ఆజ్ఞలు ఇచ్చేటప్పుడు జర్మన్ పుస్తకాలు ఇలా క్రియను చివర పెడతాయి, మనం రాసే వరసే. ఇంగ్లిష్‌లాగా మొదటి మాటలో క్రియ వెతికితే దొరకదు. కొన్ని పుస్తకాలు ‘మీరు ఆపండి’ అన్న మర్యాద రూపంలో రాస్తాయి. అప్పుడు క్రియ రెండు ముక్కలై, సగం ముందుకు వచ్చి సగం వాక్యం చివర ఉంటుంది. ‘షాల్టెన్’ అన్న ముక్క ముందు కనిపించినంత మాత్రాన పని తేలదు. చివర ‘ఔస్’ ఉంటే ఆపడం, ‘ఐన్’ ఉంటే వేయడం. కాబట్టి ఫుల్‌స్టాప్ వచ్చేదాకా చదవనిదే చేయి కదపకూడదు.

ఇదే హెచ్చరిక కింద మరో వాక్యం ఉండొచ్చు. గార్డు, ‘ఎర్స్ట్’ తెరవడం, ఆ తర్వాత కామా, బ్లేడు ఆగినప్పుడు అని. ఎర్స్ట్ అనగానే ఇంగ్లిష్ ‘ఫస్ట్’ గుర్తొస్తుంది. ముందు గార్డు తెరువు, బ్లేడు ఆగినప్పుడు ఇంకేదో చెయ్యి అని చదివితే అసలు అర్థం తలకిందులవుతుంది. ఇక్కడ ఆ మాటకు అర్థం, బ్లేడు ఆగాకే తెరవాలని. తెలుగులో ‘ఆగాకే’ అన్నప్పుడు చివరి ‘ఏ’ చేసే పనినే అక్కడ ఎర్స్ట్ చేస్తోంది.

ఇంగ్లిష్ మీదుగా చదివేవాళ్లు జారిపడే చోటు ఇంకొకటుంది. ‘డార్ఫ్ నిష్ట్’ అంటే చేయకూడదు. ‘ముస్ నిష్ట్’ అంటే చేయనక్కర్లేదు. ఇంగ్లిష్ ‘మస్ట్ నాట్’ చెవిలో ఉన్నవాళ్లు రెండోదాన్ని కూడా నిషేధమే అనుకుంటారు. తెలుగులో కూడదు, అక్కర్లేదు అన్నవి వేరువేరు మాటలే కాబట్టి నేరుగా తెలుగులోకి తెచ్చుకుంటే చిక్కే లేదు. గార్డు తీయకూడదు అన్నదానికీ తీయనక్కర్లేదు అన్నదానికీ మధ్య వేళ్లు పోయేంత దూరం ఉంది.

అంకెల సంగతి కూడా ఇక్కడే. జర్మన్లకు దశాంశం చుక్క కాదు, కామా. వేలను విడదీసేది చుక్క. బ్లేడు వెనకాల నిలబడే చీలిక పలకకూ బ్లేడు పళ్లకూ మధ్య 3 నుంచి 8 మిల్లీమీటర్ల సందు ఉండాలి. కోసిన చెక్క మళ్లీ మూసుకుపోయి బ్లేడును పట్టేసి వెనక్కి తన్నకుండా కాపాడేది ఆ పలకే. పుస్తకంలో ఆ కొలత 3,0, 8,0 అని కనిపించొచ్చు. వేగం 4.000 అని ఉంటే నిమిషానికి నాలుగు వేల చుట్లు. ఈ రెండూ ఎలాగోలా ఊహకు అందుతాయి. కానీ 1,500 అని ఎక్కడైనా కనిపిస్తే మనకు పదిహేను వందలు, వాళ్లకు ఒకటిన్నర.

మళ్లీ ఆ బాణం గుర్తు దగ్గరికి వద్దాం. మెయిన్ స్విచ్ ఆపమని అంత నొక్కి చెప్పడం ఎందుకు? పసుపు పలక మీద ఎర్ర పుట్టగొడుగులా ఉండే ఎమర్జెన్సీ బటన్ నొక్కితే సరిపోదా? దాని పక్కన ‘నోట్-హాల్ట్’ అని ఉంటే, ఆ బటన్ పని కదలికను ఆపడం వరకే. లోపలి తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. ‘నోట్-ఔస్’ అంటే సరఫరాను తెంచేది. రోజువారీ మాటల్లో జర్మన్లు కూడా ఈ రెంటినీ కలిపేస్తుంటారు కాబట్టి, పేరు ఏదైనా ఆ బటన్‌ను నమ్ముకుని బ్లేడు మార్చకూడదు. మెయిన్ స్విచ్‌కు తాళం వేసుకునే రంధ్రం ఉంటుంది. తాళం వేసి, తాళంచెవి బ్లేడు మార్చేవాడి జేబులో పెట్టుకోవడమే పుస్తకం చెప్పిన కట్టడి. వర్క్‌షాపుల్లో ఇది జరగని పని అంటారు. తాళం ఖరీదెంత?

బ్లేడు ఆగేదాకా వేచి ఉండడం కూడా మిషనును బట్టే. యూరప్‌లో కొత్త మిషన్ల బ్లేడును 10 సెకన్లలోపు ఆపేలా బ్రేకు పెడతారు. పాత మిషన్లలో అది లేకపోవచ్చు, ఉన్నా అరిగిపోయి ఉండొచ్చు. వర్క్‌షాపులో చప్పుడు మధ్య మోటారు శబ్దం తగ్గడాన్ని బట్టి బ్లేడు ఆగిందనుకుంటారు. వేగంగా తిరిగే పళ్లు కంటికి ఆనవు. స్విచ్ ఆపి వాచీ చూస్తే మీ మిషనుకు ఎంత పడుతుందో తెలుస్తుంది. మామూలుకంటే ఎక్కువ పడుతోందంటే బ్రేకు పోతోందని గుర్తు.

చేతులు ఎక్కడుండాలన్నదానికి కూడా పుస్తకంలో కొలత ఉంటుంది. కోసే ముక్క వెడల్పు 120 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే చేత్తో తోయకూడదు, తోపుడు కర్ర వాడాలన్నది జర్మన్ వడ్రంగుల పాఠం. అడుగు స్కేలులో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ అనుకోవచ్చు. ఆ కర్రను మిషను పక్కనే తగిలించుకోవడానికి చాలా మోడళ్లలో చోటు ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ మిషనులో ఆ చోటు ఖాళీగా ఉండటమే ఎక్కువ.

మిషనును కొత్త చోట దించిన రోజు ఒక్క వాక్యం మీద ప్రత్యేకంగా కన్నేయాలి: తిరిగే దిశ సరిచూడాలి అన్నది. త్రీఫేజ్ మోటారుకు మూడు తీగల్లో ఏ రెండు తారుమారైనా అది ఎదురు తిరుగుతుంది. జర్మనీలో సరిగ్గా తిరిగిన మిషను మీ బోర్డు దగ్గర రివర్స్ తిరగొచ్చు. బ్లేడు పైభాగంలో పళ్లు పనివాడి వైపు రావాలి. ఎదురు తిరిగితే కోత పాడవడమే కాదు, తిరిగే దిశను బట్టి మరలు కోసిన బ్లేడు నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది. అందుకే మొదటిసారి బ్లేడు బిగించకుండానే ఒక్క క్షణం స్విచ్ వేసి, షాఫ్ట్ ఎటు తిరుగుతోందో చూడటం మేలు. తప్పుగా ఉంటే తీగలు మార్చాల్సింది ఎలక్ట్రీషియనే. పుస్తకంలో అక్కడ ‘ఎలెక్ట్రోఫాఖ్‌క్రాఫ్ట్’ అని ఉంటుంది, అంటే ఆ పనిలో శిక్షణ ఉన్నవాడు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని. అన్నట్టు, ప్యానెల్ సాలో పెద్ద బ్లేడు ముందు ఇంకో చిన్న బ్లేడు ఉంటుంది. లామినేట్ అంచు చిట్లకుండా కింద నుంచి ముందుగా సన్నని గీత కోసేది అదే. అది పెద్ద బ్లేడుకు ఎదురుగా తిరగాలి. తీగలు తప్పు కలిపారేమోనని దాన్ని చూసి వైరింగ్ విప్పించొద్దు.