నిఫ్టీ పెరిగినా కాల్ ప్రీమియం ఎందుకు తగ్గుతుంది

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఓట్లు లెక్కిస్తుండగా నిఫ్టీ దాదాపు 6 శాతం పడిపోయింది. రానున్న నెల రోజుల్లో సూచీ ఎంత ఊగవచ్చని మార్కెట్ అనుకుంటోందో చెప్పే ఇండియా విక్స్ ఆ సాయంత్రం 27 దగ్గర ముగిసింది. మర్నాడు నిఫ్టీ 700 పాయింట్లకు పైగా కోలుకుంది. విక్స్ మాత్రం ఆ ఒక్కరోజులోనే 19 దగ్గరికి దిగింది. పెరుగుదల అంత పెద్దది కాబట్టి దగ్గరి స్ట్రైక్‌లో కాల్ పట్టుకున్నవాళ్లు లాభపడ్డారు. సూచీ 150 పాయింట్లే పెరిగి ఉంటే వాళ్ల పరిస్థితి ఏమయ్యేది? కాల్స్ కొనడం మాత్రమే తెలిసిన ట్రేడర్ తర్వాతి మెట్టు ఎక్కే ముందు ఈ లెక్క చేసి చూసుకోవాలి.

కాల్ ప్రీమియం ఎంత ఉండాలో లెక్కకట్టడానికి కావలసినవాటిలో సూచీ విలువ, స్ట్రైక్, మిగిలిన రోజులు, వడ్డీ రేటు అందరికీ తెలిసినవే. తెలియనిది ఒక్కటే: ఎక్స్‌పైరీలోగా సూచీ ఎంత ఊగుతుందన్నది. మార్కెట్లో నడుస్తున్న ప్రీమియంను సూత్రంలో పెట్టి, ఈ ధర రావాలంటే ఎంత ఊగిసలాట ఉండాలని వెనక్కి లెక్కిస్తే వచ్చేదే ఇంప్లైడ్ వొలటిలిటీ. ట్రేడర్లు ఐవీ అంటారు. ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్ చైన్‌లో ప్రతి స్ట్రైక్ పక్కనా ఇది కనిపిస్తుంది. ఐవీ ఏడాది లెక్కలో ఉంటుంది. దాన్ని సుమారు 16తో భాగిస్తే ఒక రోజు లెక్క వస్తుంది. అంటే ఐవీ 20 ఉంటే రోజుకు 1.25 శాతం అటో ఇటో, 24,000 దగ్గరున్న సూచీకి 300 పాయింట్ల కదలిక మామూలేనని ధర అనుకుంటున్నట్టు. ఎటువైపన్నది మాత్రం ఐవీ చెప్పదు.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. సూచీ 24,000 దగ్గర ఉంది. ఎక్స్‌పైరీకి ఏడు రోజులుంది. మర్నాడు పెద్ద ప్రకటన రానుంది కాబట్టి ఐవీ 20 దగ్గర ఉంది. వడ్డీని పక్కన పెడితే 24,000 కాల్ ప్రీమియం సుమారు 265 రూపాయలు వస్తుంది. ఈ 265 ఏ కారణానికి ఎంత కదులుతుందో చెప్పేవే గ్రీక్స్.

డెల్టా 0.5. సూచీ ఒక పాయింటు పెరిగితే ప్రీమియం అర్ధ రూపాయి పెరుగుతుంది. ఆ డెల్టా కూడా స్థిరంగా ఉండదు. సూచీ 100 పాయింట్లు పెరిగితే అది 0.56 అవుతుంది. డెల్టాలో ఈ మార్పే గామా. కొన్నవాడికి గామా మేలు చేస్తుంది: అనుకున్న వైపు వెళ్తే లాభం వేగం పుంజుకుంటుంది, ఎదురు తిరిగితే నష్టం నెమ్మదిస్తుంది. ఆ మేలుకు చెల్లించే అద్దె తీటా, అంటే రోజు గడిచినందుకు కరిగే ప్రీమియం. ఇక్కడ అది రోజుకు 19 రూపాయలు. ఐవీ మారకుండా సూచీ 24,000 దగ్గరే నిలిచిపోయిందనుకోండి. మొదటి రోజు సుమారు 20 రూపాయలు పోతాయి, చివరి రోజుకు మిగిలిన 100 రూపాయలూ ఆ ఒక్కరోజులో పోతాయి. ఎక్స్‌పైరీ రోజున ప్రీమియం నిమిషాల్లో రెట్టింపు కావడానికీ సున్నా కావడానికీ కారణం అప్పుడు గామా, తీటా రెండూ బాగా పెరిగి ఉండటమే.

ఇక వేగా. ఐవీ ఒక పాయింటు మారితే ప్రీమియం ఎంత మారుతుందో ఇది చెబుతుంది. మన కాల్‌కు అది 13 రూపాయలు. కాల్ కొనుగోలుదారు తరచూ చూడకుండా వదిలేసేది దీన్నే.

మర్నాడు ప్రకటన వచ్చింది. సూచీ 150 పాయింట్లు పెరిగింది. అనిశ్చితి తొలగడంతో ఐవీ 20 నుంచి 13కు పడింది. డెల్టా వల్ల 75 రూపాయలు, గామా వల్ల ఏడు రూపాయలు వచ్చాయి. తీటా 19 తీసుకుంది. వేగా ఏడు పాయింట్లకు 93 రూపాయలు తీసుకుంది. నికరంగా 30 రూపాయల నష్టం. పూర్తి సూత్రంతో లెక్కిస్తే ప్రీమియం 246 వస్తుంది, అంటే అసలు నష్టం 19 రూపాయలు. రెండు లెక్కలకూ తేడా ఎందుకంటే ఐవీ పడేకొద్దీ డెల్టా, వేగా కూడా మారిపోతాయి. గ్రీక్స్ ఉన్నచోట నుంచి చిన్న అడుగుకే సరిగ్గా పనిచేస్తాయి, పెద్ద కదలికకు కొత్తగా లెక్కించుకోవాలి. ఈ కాల్ అసలు రాబట్టుకోవాలంటేనే సూచీ దాదాపు 180 పాయింట్లు పెరగాలి.

దిశ సరిగ్గా పట్టుకున్నా డబ్బు పోయింది. ఇక్కడ మార్చాల్సింది కొన్న తీరు. అదే 24,000 కాల్ కొని, 24,300 కాల్ అమ్మితే బుల్ కాల్ స్ప్రెడ్ అవుతుంది. అదే 20 ఐవీ దగ్గర అమ్మిన కాల్‌కు 143 రూపాయలు వస్తాయి కాబట్టి ఖర్చు 122కు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం వేగా. కొన్న కాల్‌ది 13, అమ్మిన కాల్‌ది 12, కాబట్టి నికరంగా ఒక రూపాయి మిగులుతుంది. ఐవీ ఏడు పాయింట్లు పడినా మనకు పెద్దగా తగలదు. అదే మర్నాడు, అదే 150 పాయింట్ల పెరుగుదలకు కొన్నది 246, అమ్మింది 97 అవుతాయి. స్ప్రెడ్ విలువ 149, లాభం 27. ఒంటరి కాల్‌కు నష్టం తెచ్చిన రోజే దీనికి లాభం తెచ్చింది.

దీనికి బదులుగా ఒకటి వదులుకున్నాం. ఎక్స్‌పైరీకి సూచీ 24,300 దాటి ఎంత పెరిగినా లాభం 178 రూపాయల దగ్గర ఆగిపోతుంది. డెల్టా కూడా 0.17కు తగ్గింది, కాబట్టి చిన్న కదలికలకు స్ప్రెడ్ నెమ్మదిగా స్పందిస్తుంది. జూన్ 5 లాంటి 700 పాయింట్ల రోజున ఒంటరి కాల్‌దే పైచేయి. అందుకే కొనే ముందు అదే స్ట్రైక్ కాల్, పుట్ ప్రీమియంలను కలిపి చూడటం మంచి అలవాటు. మన ఉదాహరణలో అది 530 రూపాయలు. ఎక్స్‌పైరీకి సూచీ 530 పాయింట్ల వరకు కదలడానికి తగ్గ ధర ఇప్పటికే కట్టేశారన్నమాట. మీ అంచనా 200, 300 పాయింట్ల పెరుగుదలే అయితే ఒంటరి కాల్ ఖరీదైనది. అంతకు మించిన కదలిక వస్తుందని బలమైన కారణం ఉంటేనే దాన్ని కొనాలి. ఏ ప్రకటనా లేక ఐవీ మామూలుకన్నా కింద ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. అప్పుడు వేగా మనకు సాయం చేసే అవకాశం ఎక్కువ, కాల్ అమ్మి లాభాన్ని కుదించుకోవాల్సిన అవసరం తక్కువ.

నిజమైన ఆప్షన్ చైన్‌లో అన్ని స్ట్రైక్‌లకూ ఒకే ఐవీ ఉండదు. నిఫ్టీలో సాధారణంగా కింది స్ట్రైక్‌ల ఐవీ ఎక్కువగా, పై స్ట్రైక్‌లది కొంత తక్కువగా ఉంటుంది. కాబట్టి 24,300 కాల్ అమ్మితే చేతికి మన లెక్కలోని 143 కన్నా తక్కువే రావచ్చు. దూరపు స్ట్రైక్‌లో కొనేవారి ధరకూ అమ్మేవారి ధరకూ తేడా పెద్దగా ఉంటే మన 27 రూపాయల లాభంలో కొంత అక్కడే పోతుంది. స్ప్రెడ్ విప్పేటప్పుడు ముందు అమ్మిన కాల్‌ను తిరిగి కొని, ఆ తర్వాతే చేతిలో ఉన్నది అమ్మాలి. వరుస తప్పితే మధ్యలో అమ్మిన కాల్ ఒక్కటే మిగులుతుంది. బ్రోకర్ అడిగే మార్జిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, సూచీ ఎగిరితే నష్టానికి హద్దు ఉండదు.