ఎవరూ తెలియని రిసెప్షన్‌లో తొలి మాట

ఖమ్మంలో సహోద్యోగి పెళ్లి రిసెప్షన్‌కి హైదరాబాద్ నుంచి ఒక్కరే వెళ్లారనుకుందాం. ఆఫీసులో మిగతావాళ్లెవరికీ కుదరలేదు. హాలంతా జనం. తెలిసిన మనిషి పెళ్లికొడుకు ఒక్కడే, అతను వేదిక మీద ఉన్నాడు. ఇలాంటప్పుడు చాలామంది వెనక వరుసలో ఓ కుర్చీ చూసుకుని ఫోన్ తీస్తారు. కాసేపటికి భోంచేసి బస్టాండుకి బయల్దేరుతారు.

నా దృష్టిలో ఏం మాట్లాడాలన్నదాని కంటే ముందు ఎక్కడ నిలబడాలన్నది తేల్చుకోవాలి. కుర్చీల్లో మాట కలవడం కష్టం. అందరి ముఖాలూ వేదిక వైపే ఉంటాయి, పాటల హోరులో ఒక్క మాట రెండుసార్లు అరిచి చెప్పాల్సి వస్తుంది. బఫేలో చేతిలో ప్లేటు, చుట్టూ తోపులాట. అన్నిటికంటే అనువైనది వధూవరుల్ని ఆశీర్వదించడానికి వేదిక పక్కన కట్టే వరుస. ఒక్కో కుటుంబం పైకెక్కి, అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగేదాకా అది కదలదు. అక్కడ నిలబడ్డవాళ్లకు వేరే పని ఉండదు. పైగా వేదిక ఎక్కగానే కబుర్లు వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి, ఇరుక్కుపోతామేమోనన్న బెరుకు ఇద్దరికీ ఉండదు.

మొదటి ప్రశ్న కోసం వెతుక్కోనక్కర్లేదు. ‘మీరు అమ్మాయి తరఫా అండీ, అబ్బాయి తరఫా?’ అన్నది మన పెళ్లిళ్లలో ఎవరు ఎవరినైనా అడగొచ్చు. ఆ హాల్లో ప్రతి ఒక్కరి దగ్గరా దానికి జవాబు ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. ‘అమ్మాయి తరఫు.’ ‘ఓహో, అలాగా.’ సగం సంభాషణలు ఇక్కడే ఆగిపోతాయి. అడిగినవారు జవాబు విన్నారే గానీ, అందులోంచి ఇంకో ప్రశ్న తీసుకోలేదు. ఎదుటివారు చెప్పినదాన్ని పట్టుకుని మళ్లీ అడిగేవారంటే మనుషులకు ఎక్కువ ఇష్టం కలుగుతుందని హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది.

వరుసలో మీ ముందు అరవై దాటిన దంపతులు ఉన్నారనుకోండి.

‘మీరు ఎవరి తరఫండీ?’

‘అమ్మాయి తరఫు బాబూ. మా పక్కింటి పిల్ల.’

‘అయితే చిన్నప్పటి నుంచీ మీ కళ్ల ముందే పెరిగిందన్నమాట.’

ఈ మాటకు ఆవిడ వెనక్కి తిరుగుతుంది. ‘స్కూలు నుంచి వస్తే ఇంటి తాళం మా దగ్గరే ఉండేది. వాళ్లమ్మ టీచరు, సాయంత్రం గానీ వచ్చేది కాదు.’

ఇక మీరు వెతుక్కోవాల్సింది లేదు. ఆ అమ్మాయి అల్లరి, వాళ్లమ్మ ఉద్యోగం, ఆ ఇళ్లు ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయా అన్నది, వీటిలో దేన్నయినా అందుకోవచ్చు.

కాసేపటికి వాళ్లు మిమ్మల్ని అడుగుతారు. ‘అబ్బాయి ఆఫీసులో పనిచేస్తానండీ’ అని ఊరుకుంటే ఆవిడ తలూపి ముందుకు తిరుగుతుంది. ‘నాలుగేళ్లుగా ఒకే బల్ల మీద భోంచేస్తాం. వాళ్లమ్మగారి ఆవకాయలో సగం నేనే తిన్నాను’ అంటే ఆవిడకి అడగడానికి బోలెడు దొరుకుతుంది. తమ ఇంట్లో తిరిగిన పిల్లని చేసుకుంటున్నవాడు ఎలాంటివాడో తెలుసుకోవాలని ఆ దంపతులకు ఎంత ఆరాటం ఉంటుందో ఆలోచించండి. రోజూ అతన్ని చూసే మనిషి ఆ వరుసలో మీరొక్కరే కావచ్చు. అయితే మంచి మాటలే చెప్పాలి. జీతం, పాత సంబంధాలు, ఉద్యోగం మారే ఆలోచన లాంటివి మీ నోట రాకూడదు, అవి క్షణాల్లో వియ్యాలవారి దాకా చేరతాయి.

ఇంటిపేరు మాత్రం అడక్కండి. మీ మనసులో ఏమున్నా, అవతలివారికి అది కులం ఆరా తీసినట్టే వినిపిస్తుంది. కట్నకానుకలు, ‘పెళ్లయిందా, పిల్లలెందరు’ కూడా అంతే. పెద్దవాళ్లు మిమ్మల్ని అవే అడిగితే ఒక్క ముక్కలో చెప్పి, మాటని మళ్లీ పెళ్లి వైపు తిప్పేయండి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు ఆడవాళ్లున్న కుటుంబం వెనక నిలబడటం సుళువు.

చికాగోలో రైళ్లు, బస్సుల ప్రయాణికులతో చేసిన ప్రయోగాలు 2014లో వెలువడ్డాయి. పక్క మనిషితో మాట్లాడితే ప్రయాణం పాడవుతుందని వాళ్లు అంచనా వేశారు. తీరా మాట్లాడినవారికి ఆ ప్రయాణం మరింత హాయిగా గడిచింది. అలాగని అందరికీ మాట్లాడాలని ఉండదు. జవాబిస్తూనే తిరిగి ఏమీ అడగకుండా, చూపు పక్కకి తిప్పుకుంటున్నారా? రెండుసార్లు అలా జరిగితే చిరునవ్వు నవ్వి ఊరుకోండి. ఫోన్ చేతిలో ఉన్నంత మాత్రాన ఇష్టం లేదనుకోవద్దు, వాళ్లూ మీలాగే ఒంటరిగా వచ్చి ఉండొచ్చు.

వేదిక దిగాక వాళ్లని అంటిపెట్టుకోకుండా ‘భోజనాల దగ్గర కలుద్దామండీ’ అనండి. ‘నువ్వూ రా బాబూ, కలిసే తిందాం’ అంటే మొహమాటపడకుండా వెళ్లండి. బంతిలో కూర్చుంటే ‘అబ్బాయి ఆఫీసులో చేస్తాడట’ అని పక్కవాళ్లకి మిమ్మల్ని పరిచయం చేసేది ఆవిడే.