గురువుగారికి ముందుమాట

పదవీ విరమణ చేస్తున్న ఆచార్యుడికి శిష్యులు, సహచరులు తలా ఒక వ్యాసం రాసి పుస్తకంగా కట్టి ఇవ్వడం జర్మన్ విశ్వవిద్యాలయాల్లో పుట్టిన ఆచారం. దాన్ని ‘ఫెస్ట్‌ష్రిఫ్ట్’ అంటారు. మన అభినందన సంచికకు దగ్గరి చుట్టమే గానీ, ఇందులో పెద్దపీట కొత్త పరిశోధనకు. గురువు మీది ప్రేమ కనిపించేది ముఖ్యంగా ముందుమాటలో. అక్కడే ఆయన చదువు సారం కూడా చెప్పాలి.

1984లో మతాల అధ్యయనవేత్త విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ హార్వర్డ్ నుంచి విరమించారు. ఆ ఏడాదే ఆయన గౌరవార్థం ఫ్రాంక్ వేలింగ్ సంపాదకత్వంలో ఒక వ్యాససంపుటి వచ్చింది. ఇలాంటి మనిషి గురించి రాయాల్సివస్తే నేను ఆయన పదవుల జాబితాతో మొదలుపెట్టను, లాహోర్‌తో మొదలుపెడతాను.

1940ల తొలి ఏళ్లలో ఈ కెనడా యువకుడు లాహోర్ ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. హిందువులు, ముస్లింలు, సిక్కులు కలిసి బతుకుతున్న ఊరది. పుస్తకాల్లో ‘ఇస్లాం’ ఒక సిద్ధాంతాల మూట. లాహోర్‌లో అది ఇరుగుపొరుగు మనుషుల నమాజు, పండుగ, దుఃఖం. 1960ల మొదట్లో ‘ది మీనింగ్ అండ్ ఎండ్ ఆఫ్ రెలిజియన్’లో ఆయన చేసిన వాదానికి వేరు ఇక్కడ కనిపిస్తుంది. ‘రెలిజియన్’ అనే మాటను పక్కన పెట్టమన్నారాయన. దాని బదులు తరతరాలుగా పేరుకున్న సంప్రదాయాన్ని, ఒక్కొక్కరి గుండెలోని విశ్వాసాన్ని విడివిడిగా చూడమన్నారు.

తెలుగువారికి ఈ మాట తొందరగా అందుతుంది. ‘అభిమతం’, ‘సమ్మతం’ అన్న మాటల్లో ఉన్న ‘మతం’ అంటే అభిప్రాయమే. గిరిగీసుకున్న వ్యవస్థ అనే అర్థం దానికి తర్వాత బలపడింది.

ఇలా రాస్తే జ్ఞాపకం, సారాంశం ఒకే దారిలో నడుస్తాయి. ‘నిగర్వి, నిత్య విద్యార్థి’ అని రాస్తే మాత్రం పేరు మార్చి ఏ ఆచార్యుడికైనా అతికించవచ్చు. వ్యాసాల పరిచయంలోనూ ఇదే చిక్కు. ఒక్కో వ్యాసానికి ఒక్కో పేరా కేటాయిస్తే అది విషయసూచికే అవుతుంది. గురువు వేసిన ప్రశ్నను ఎవరు ముందుకు తీసుకెళ్లారు, ఎవరు కాదన్నారు అని చూపితే సంపుటికి వెన్నెముక దొరుకుతుంది.

కాదన్నవారిని దాచకూడదు. విశ్వాసాన్ని లోపలికి, ఆచారాన్ని బయటికి నెట్టే ఈ విభజనను 2001లో తలాల్ అసద్ గట్టిగా ప్రశ్నించారు. ఉపవాసం, ప్రార్థన లాంటి సాధనే విశ్వాసాన్ని తయారుచేస్తుంది కదా అన్నది అందులోని చిక్కు. అంత శ్రద్ధగా చదివి విభేదించడం కూడా గురుదక్షిణే.

ఒక మతం గురించి చెప్పిన మాటను ఆ మతస్తులు ‘అవును, ఇది మాదే’ అని ఒప్పుకోగలగాలని స్మిత్ పట్టుబట్టేవారు. ముందుమాటకూ అదే పరీక్ష. గురువుగారు చదివి, పొగడ్తకు సిగ్గుపడకుండా, ‘అవును, నేను వెతికింది ఇదే’ అనగలగాలి.