తొమ్మిదిలో ఐదోది

బూడిద రంగు గోడను ఫోటో తీశామనుకుందాం. ఫోటోలో ప్రతి పిక్సెల్ ఒక అంకె. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. గోడంతా ఒకే రంగు కాబట్టి అంకెలన్నీ 54కు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. కెమెరా సెన్సర్‌లో ఒక పిక్సెల్ పనిచేయక బిగుసుకుపోతే, ఆ నడుమ ఉన్నట్టుండి ఒక 255 గానీ 0 గానీ కనిపిస్తుంది. బొమ్మను దూరం నుంచి పంపేటప్పుడు ఎనిమిది బిట్లలో పైస్థానంలోని బిట్ ఒక్కటి తిరగబడినా చాలు, 54 కాస్తా 182 అవుతుంది. బొమ్మ నిండా ఇలా తెల్లటి, నల్లటి చుక్కలు చెదురుమదురుగా పడితే దాన్ని ఉప్పు-మిరియాల నాయిస్ అంటారు.

చుక్క పడిన చోట బొమ్మ ఇలా ఉంటుంది:

```
52   54   53
55  255   54
53   52   56
```

దీన్ని బాగుచేయడానికి ఎవరికైనా ముందు తోచేది సగటు. మూడు వరుసలు, మూడు నిలువులు ఉన్న చిన్న కిటికీని పిక్సెల్ మీద పెట్టి, లోపల కనిపించే తొమ్మిది అంకెలను కూడి, తొమ్మిదితో భాగించి, వచ్చినదాన్ని నడిమి పిక్సెల్‌కు ఇస్తారు. ఆ కిటికీనే మాస్క్ అంటారు. తర్వాత ఒక పిక్సెల్ పక్కకు జరిపి మళ్లీ అదే లెక్క, బొమ్మంతా పూర్తయ్యేదాకా.

పై తొమ్మిది అంకెల మొత్తం 684, సగటు 76. 255 ఉన్నచోట 76 వచ్చింది, చుక్క మసకబారింది. కానీ ఆ చెడ్డ పిక్సెల్ ఒక్క కిటికీలోనే ఉండదు. కిటికీ చుట్టుపక్కల ఎనిమిది పిక్సెళ్ల మీదికి జరిగినప్పుడు కూడా అది లోపలే ఉంటుంది. ఉండాల్సినదానికన్నా 201 ఎక్కువగా ఉన్న ఆ అంకె, తాను కనిపించిన ప్రతి లెక్కలోనూ తొమ్మిదో వంతు, అంటే సుమారు 22, కలిపేస్తుంది. ఒక పిక్సెల్ చుక్క తొమ్మిది పిక్సెళ్ల లేత మరకై కూర్చుంటుంది. సగటు తప్పును తీసివేయదు, చుట్టుపక్కలకు పంచుతుంది.

అవే అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి చూడండి: 52, 52, 53, 53, 54, 54, 55, 56, 255. నడుమ, అయిదో స్థానంలో, 54 ఉంది. అదే మధ్యగతం. నడిమి పిక్సెల్‌కు దాన్నిచ్చేస్తే చుక్క మాయమైపోతుంది, పక్క పిక్సెళ్లలో కూడా జాడ మిగలదు. తొమ్మిదిమంది పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెట్టినప్పుడు చివరివాడు నిచ్చెనెక్కినా అయిదోవాడు మారడు కదా, ఇదీ అంతే. సగటు లెక్కలో ప్రతి అంకె తన పరిమాణమంతటితో లాగుతుంది. మధ్యగతంలో ప్రతి అంకె చెప్పగలిగేది నేను నడిమికి ఎగువనా, దిగువనా అన్న ఒక్క మాటే. 255 బదులు అక్కడ 182 ఉన్నా జవాబు 54గానే ఉంటుంది.

మధ్యగతపు కిటికీ ముందు పుట్టింది బొమ్మల కోసం కాదు. ప్రిన్స్‌టన్‌లోనూ బెల్ ల్యాబ్స్‌లోనూ పనిచేసిన గణాంకవేత్త జాన్ టుకీ, కాలక్రమంలో నమోదైన అంకెల వరుసలను నునుపు చేయడానికి మూడేసి, అయిదేసి అంకెల మధ్యగతాలు తీసుకుంటూ పోయే పద్ధతిని 1970ల్లో ప్రచారంలోకి తెచ్చారు. 1977లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఎక్స్‌ప్లోరేటరీ డేటా అనాలిసిస్’ కాగితం, పెన్సిల్‌తోనే ఆ లెక్కలు చేయడం నేర్పింది. ఆ దశాబ్దం నడుమే సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ప్రాట్ లాంటివాళ్లు ఒకే వరుసలో నడిచే ఆ కిటికీని చదరం చేసి బొమ్మల మీద పరీక్షించారు.

అప్పుడు ఎదురైన ఇబ్బంది వేగం. కూడిక కంప్యూటర్‌కు సులువు, పేర్చడం ఖరీదు. 1979లో థామస్ హువాంగ్, యాంగ్, టాంగ్ ఒక ఉపాయం చెప్పారు. కిటికీ ఒక అడుగు జరిగినప్పుడు ఒక నిలువు బయటికి పోతుంది, ఒక నిలువు లోపలికొస్తుంది, మిగతావన్నీ పాతవే. కాబట్టి ప్రతిసారీ మొదటినుంచి పేర్చకుండా, ఏ విలువ ఎన్నిసార్లుందో చెప్పే పట్టికను మాత్రం సవరించుకుంటే చాలు. పెద్ద కిటికీలకు ఇది ఎంతో కలిసొచ్చింది.

మూడు-మూడు కిటికీకి ఇంకా ముచ్చటైన దారి ఉంది. తొమ్మిదింటినీ పూర్తిగా పేర్చాలంటే జతలను పోల్చి, అవసరమైతే తారుమారు చేసే పని 25 సార్లు కావాలి. మనకు కావలసింది అయిదోది ఒక్కటే కాబట్టి 19 సార్లతో సరిపోతుంది. ఒక్కో వరుసను విడిగా పేర్చండి. మన కిటికీలో 52, 53, 54; 54, 55, 255; 52, 53, 56 వస్తాయి. మూడు వరుసల్లోని చిన్నవాటిలో పెద్దది 54. నడిమివాటిలో నడిమిది 53. పెద్దవాటిలో చిన్నది 54. ఈ మూడింటి మధ్యగతం 54, మనం వెతుకుతున్నది అదే. ఎప్పుడూ ఒకే క్రమంలో జరిగే పోలికలు కాబట్టి దీన్ని చిప్‌లో తీగలుగా పరిచేయడం తేలిక.

చుక్కలు తుడవడంతో పాటు బొమ్మలోని అంచులను చెడగొట్టకపోవడం దీని రెండో గుణం. ఎడమవైపు 50, కుడివైపు 200 ఉన్న నిటారు అంచును తీసుకోండి. అంచుకు ఇవతలి కిటికీలో ఆరు 50లు, మూడు 200లు పడతాయి. సగటు 100. అవతలి కిటికీలో సగటు 150. కత్తిరించినట్టున్న అంచు 50, 100, 150, 200 అంటూ మెట్లుగా జారిపోతుంది. మధ్యగతం ఇవతల 50, అవతల 200 అనే చెబుతుంది, అంచు చెక్కుచెదరదు.

అయితే దాని బలం మెజారిటీ మీద నిలబడింది కాబట్టి బలహీనత కూడా అక్కడే. ఒకే పిక్సెల్ వెడల్పున్న గీత మీద కిటికీ పెడితే లోపల గీత పిక్సెళ్లు మూడే, ఆరుగురు పరాయివాళ్లు. గీత చెరిగిపోతుంది. చదరపు మూల మీద నలుగురే స్వపక్షం, ఆ మూల కోసుకుపోతుంది. మధ్యగతం వేసిన బొమ్మలో అక్షరాల కొసలు మొద్దుబారి ఉంటే కారణం ఇదే.

నాయిస్ పెరిగినా అంతే. తొమ్మిదిలో అయిదు తెల్లవో, అయిదు నల్లవో అయ్యాయంటే నడిమిది కూడా చెడ్డదే. పిక్సెళ్లలో 20 శాతం చెడి, వాటిలో ఉప్పూ మిరియాలూ చెరి సగమైతే, సమతలమైన చోట అలా జరిగే అవకాశం వెయ్యికి రెండు కూడా ఉండదు. చెడ్డవి 40 శాతమైతే అది వందకు దాదాపు నాలుగుకు ఎగబాకుతుంది, చుక్కలు గుంపులు గుంపులుగా మిగులుతాయి. అప్పుడు కొందరు 0 లేదా 255గా ఉన్న పిక్సెళ్లనే అనుమానించి, వాటినే మార్చి, మిగతావాటి జోలికి పోరు. అవసరమైనచోట కిటికీని కూడా పెద్దది చేస్తారు.

సగటును పారేయాల్సిన పని మాత్రం లేదు. తక్కువ వెలుగులో తీసిన ఫోటోల్లోలా ప్రతి పిక్సెల్‌కూ కొద్దికొద్దిగా, గంట ఆకారపు పంపిణీలో, తప్పు అంటుకుంటే అక్కడ సగటే మేలు. ఆ చెదురును తొమ్మిదింటి సగటు మూడో వంతుకు తగ్గిస్తుంది, మధ్యగతం సుమారు 0.41 వంతుకే తగ్గించగలదు.

ఖగోళ ఫోటోల్లో మరో చిక్కు. ఒక్క పిక్సెల్‌లో మెరిసే చిన్న నక్షత్రానికీ, సెన్సర్‌కు తగిలిన కాస్మిక్ కిరణానికీ కిటికీ దృష్టిలో తేడా లేదు, రెండింటినీ చెరిపేస్తుంది. అందుకని ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశంలో అదే భాగాన్ని పలుమార్లు ఫోటో తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, ఒక్కో చోటి పిక్సెల్‌కు ఆ ఫోటోలన్నింటిలోని విలువల మధ్యగతం తీస్తారు. కాస్మిక్ కిరణాలు ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడతాయి కాబట్టి అవి రాలిపోతాయి. నక్షత్రం ప్రతి ఫోటోలోనూ అక్కడే ఉంటుంది కాబట్టి నిలుస్తుంది.