ఇరవయ్యా, అరవయ్యా?

ఫోనులో చెప్పింది విని అక్క రెండొందల ఇరవై కార్డులని రాసుకుంది. అవతలివాళ్ళు చెప్పింది రెండొందల అరవై. మా పెద్దమ్మ కూతురు విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో చేరిన రెండో నెలలో జరిగిన సంగతి ఇది. తక్కువ పడిన నలభై కార్డుల కోసం మెషిన్ మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఆమె జీతంలో కోశారు.

చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో అక్కకు రెండు చెవులూ దెబ్బతిన్నాయి. వినికిడి మిషన్ పెట్టుకుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి మాట చాలావరకు అందుతుంది. ఫోనులో మాత్రం అందదు. "గట్టిగా మాట్లాడితే సరిపోతుంది కదా" అని ఇంట్లో అందరం అనేవాళ్ళం. అది మా తెలియనితనం. పాత పద్ధతి ఫోన్ లైను దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోసుకొస్తుంది. స, శ లాంటి అక్షరాల్ని గుర్తుపట్టించే సన్నటి శబ్దం చాలావరకు దానికి పైన ఉంటుంది. చెవి దెబ్బతిన్న చాలామందికి ముందుగా తగ్గేది కూడా ఆ సన్నటి శబ్దమే. అంటే చెవి వదిలేసినదాన్నే ఫోనూ వదిలేస్తుంది. గొంతు పెంచితే మాట పెద్దదవుతుంది గానీ పోయిన అక్షరం తిరిగి రాదు. ఇప్పటి 4జీ కాల్స్‌లో ఈ ఇబ్బంది కొంత తగ్గింది. అయినా మనిషి ముఖం కనబడదు.

ముఖం కనబడినా అన్నీ తెలియవు. అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా పాప, బాబ, మామ అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. వాక్యంలో వచ్చిన మాటను సందర్భాన్ని బట్టి ఊహించుకోవచ్చు. పేరుకూ, అంకెకూ సందర్భం సాయపడదు. ఉమ అనుకున్నా, ఉష అనుకున్నా వాక్యం చక్కగానే ఉంటుంది.

ఆ నెల జీతం అందాక అక్క ఆ ఉద్యోగం మానేసింది. పని మాత్రం మానలేదు. "కంపోజింగ్‌లో నా తప్పు ఏదీ రాలేదు. తప్పంతా ఆర్డర్ తీసుకోవడంలోనే వచ్చింది" అని నాకు కాగితం మీద రాసి చూపించింది. మాట్లాడక్కర్లేని పని వెతుక్కోమని చుట్టాలు టైలరింగ్, ప్యాకింగ్ సూచించారు. ఆమె వెతికింది వేరు. పేర్లూ అంకెలూ ఎలాగూ రాతలోనే ఉండాల్సిన పని ఏది? ఆమెకు తట్టిన జవాబు శుభలేఖ. పెళ్ళివారి ఇంట్లో ఇంటిపేర్లు, ముహూర్తం, వేదిక ఎవరో ఒకరు అప్పటికే కాగితం మీద రాసి పెట్టుకుని ఉంటారు. ఆ కాగితం ఫొటో చాలు.

ఇప్పుడు ఇంట్లోనే, వాట్సాప్ మీదే పని నడుస్తోంది. ఎవరైనా పలకరించగానే ముందే రాసిపెట్టుకున్న సందేశం వెళ్తుంది: "నాకు వినికిడి తక్కువ, కాల్స్ తీసుకోలేను. వాయిస్ మెసేజ్ వద్దు, రాసి పంపండి. పంతులుగారు రాసిచ్చిన లగ్నపత్రిక ఫొటో పెట్టండి." మొదట్లో ఈ మాట దాచింది. కాల్ ఎత్తకపోతే పొగరనుకుని వెళ్ళిపోయేవారు. కారణం ముందే చెప్పడం మొదలుపెట్టాక అలా వెళ్ళేవాళ్ళు తగ్గారు.

ఒక శుభలేఖ ఎలా తయారవుతుందో ఆమె పక్కన కూర్చుని చూశాను. లగ్నపత్రికలో ముహూర్తం "20వ తేదీ శుక్రవారం రాత్రి 2.10" అని ఉంది. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా శుక్రవారమే. క్యాలెండర్ లెక్కలో అది 21, శనివారం తెల్లవారుజాము. ఉన్నదున్నట్టు వేస్తే కొందరు గురువారం రాత్రే మండపానికి వచ్చేస్తారు. అక్క రెండు మార్గాలు రాసి పంపి, ఏది వేయాలో వాళ్ళనే తేల్చమంది. వాళ్ళు "20వ తేదీ శుక్రవారం రాత్రి 2.10 గంటలకు (తెల్లవారితే శనివారం)" అన్నదాన్ని ఎంచుకున్నారు. ఇదే మాట ఫోనులో నడిచి ఉంటే బాగా వినబడే మనిషి కూడా "సరే, శుక్రవారం" అని రాసేసుకునేది.

తర్వాత ప్రూఫు. "ఓకే" అని జవాబొస్తే అక్క ఒప్పుకోదు. చదవకుండానే ఓకే అంటారని ఆమెకు అనుభవం. వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం, వేదిక, కార్డుల సంఖ్య, ఈ ఐదూ ప్రూఫులో చూసి మళ్ళీ టైపు చేసి పంపమంటుంది. సంఖ్యను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. ఆడపెళ్ళివారి పేర్లు వాళ్ళూ, మగపెళ్ళివారి పేర్లు వాళ్ళూ చూడాలి. ఆరోజు వరుడి తాతగారి ఇంటిపేరులో దీర్ఘం పోయిందని ఇలాగే బయటపడింది. రెండు దిద్దుబాట్లు ఉచితం, మూడోదానికి డబ్బు. డిజైన్ మొదలుపెట్టే ముందే సగం అందాలి.

చేతికి రావాల్సిన అసలు నేర్పు తెలుగు అక్షరాల దగ్గర ఉంది. వాట్సాప్‌లో వచ్చే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. చాలా ప్రెస్సుల్లో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. వాటికి యూనికోడ్ అర్థం కాదు కాబట్టి కన్వర్టర్ గుండా మార్చాలి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే అను తెలుగు ముక్కల్ని పెట్టుకుంటుంది. అందువల్ల మధ్యలో వచ్చిన ఇంగ్లీషు పేరు అర్థంలేని తెలుగైపోతుంది. దాన్ని విడిగా పట్టుకుని ఫాంటు మార్చాలి. ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తో చేస్తే మరో చిక్కు. భారతీయ భాషలకు తగిన కంపోజర్ ఎంచుకోకపోతే వత్తు అక్షరం కిందికి దిగదు. "అమ్మ" లోని మకారాలు రెండూ పక్కపక్కనే నిలబడి, మధ్యలో పొల్లు కనిపిస్తుంది. అక్క ముందు వెతికేది ఆ పొల్లునే. చివరికి అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ పంపుతుంది. అప్పుడు ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోయినా రూపం చెడదు. అలా మార్చాక అక్షరం దిద్దడం కుదరదు కనుక మార్చని ఫైలు విడిగా దాచుకోవాలి.

అన్నీ సాఫీగా లేవు. మెషిన్ మీద రంగు తేడా వస్తే ప్రెస్సువాళ్ళకు ముందు చెయ్యి ఫోను మీదికే పోతుంది. ఆమె ఎత్తలేదని అలాగే తోసేసిన రోజులున్నాయి. అప్పట్నుంచి మొదటి షీటు ఫొటో పెట్టి, ఆమె జవాబు చూశాకే నడిపే ప్రెస్సుకే పని ఇస్తోంది. అక్కడ రేటు కాస్త ఎక్కువైనా సరే. ఇక వీడియో ఆహ్వానాలు. వాటిని అడిగేవాళ్ళు పెరిగారు. బొమ్మ ఎక్కడ మారాలో ధ్వని గీతల్ని చూసి చెప్పగలదు గానీ, పాట ఎక్కడ తెగితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుందో తేల్చలేదు. అందుకని బొమ్మలు తను చేసి, పాట అతికే పని ఇంకొకరికి ఇచ్చి, ఆ వాటా వదులుకుంటుంది.

చెవితో సంబంధం లేని కష్టం కూడా ఒకటి ఉంది. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. వారాల తరబడి ఒక్క లగ్నపత్రికా రాదు. ఆ రోజుల కోసం పుస్తకాల పేజీలు కట్టే పని పట్టుకుంది. కథల పుస్తకం ఒకటి చేతిలో ఉంటే ముహూర్తాలు లేని నెల గడిచిపోతుంది. రచయితలు దిద్దుబాట్లు ప్రూఫు కాగితం మీదే రాసి పంపుతారు.

మొన్న వెళ్ళినప్పుడు పెద్దమ్మ గుమ్మంలోంచి ఏదో కేకేసింది. అక్క కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా చెయ్యి చాపి, పక్కన వేలాడదీసిన పలక చూపించింది. పెద్దమ్మ గొణుక్కుంటూ వచ్చి దాని మీద రాసింది: అన్నం చల్లారిపోతోంది. అక్క దాని కిందే రాసింది: పది నిమిషాలు, వరుడి ఇంటిపేరు రావాలి.