పాలు ఒకటి కాదు, రెండు

"పాలు పొంగాయి" అంటాం. "పొలం అప్పుల పాలైంది" అనీ అంటాం. రెండింటిలోనూ వినిపించేది 'పాలు' అనే మాటే. గేదె ఇచ్చే పాలకూ అప్పులకూ ఏ చుట్టరికమూ లేదు. రెండోది వాటా అనే అర్థమున్న వేరే మాట. అప్పుల వాటాకు పోయింది కాబట్టి అప్పుల పాలైంది.

అర్థాలు వేరైనంత మాత్రాన నిఘంటుకారుడు వాటిని విడదీయడు. కొబ్బరిపాలు గేదె ఇచ్చినవి కావు, జిల్లేడు పాలు తాగేవీ కావు. అయినా తెల్లగా ఉండే ద్రవమనే పోలికతో పుట్టిన అర్థాలు కనుక అవన్నీ మొదటి 'పాలు' కిందే చేరతాయి. ఒక మాట కొమ్మలు వేస్తే ఆరోపం ఒకటే ఉంటుంది. వేర్లే వేరైతే ఆరోపాలు రెండవుతాయి. అచ్చులో ఆ రెండింటినీ పాలు¹, పాలు² అని చిన్న అంకెలతో గుర్తిస్తారు.

వేర్లు వేరని తెలిసేదెలా? నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి వ్యాకరణం. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే: పాలు విరిగాయి, పాలు తోడుకున్నాయి. వాటా అలా కాదు. తాపీమేస్త్రీ "ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక" అంటాడు. పాలు ఏకవచనం, పాళ్లు బహువచనం. తాగే పాలను ఎవరూ పాళ్లు అనరు. జిల్లేడు పాలను ఈ పరీక్షకు పెడితే "పాలు కారాయి" అనే వస్తుంది, అంటే అది మొదటి ఇంటి మనిషే.

తర్వాత పొరుగు భాషలను అడగాలి. కన్నడంలో తాగేవి హాలు, వాటా పాలు. మాటలు రెండని అక్కడ పైకే కనిపిస్తుంది. తమిళంలో మాత్రం రెంటికీ 'పాల్' అనే రూపమే ఉంది. అందువల్ల పొరుగు సాక్ష్యం ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదు.

కొన్నిచోట్ల పాత రాత సాయపడుతుంది. అంకె ఏడు, సంవత్సరమనే ఏడు ఇప్పుడు ఒకేలా రాస్తున్నాం. పాత పుస్తకాల్లో సంవత్సరానికి అరసున్న ఉండేది: ఏఁడు. ఆ సున్న ఊరికే పెట్టింది కాదు. తెలంగాణలో నేటికీ 'పదేండ్లు' అంటున్నప్పుడు నిండుగా పలుకుతున్నది అదే. తమిళంలోనూ సంవత్సరం 'ఆండు'. అంకెకు ఆ సున్న ఎన్నడూ లేదు. అరసున్న వదిలేశాక, వేర్వేరుగా ఉన్న రెండు మాటలు మన కళ్లకు ఒక్కటైపోయాయి.

ఆరోపాలను విడదీయని నిఘంటువుతో చిక్కు ఇక్కడే. పాలు కిందే క్షీరం, వాటా వరుసగా రాసేస్తే, నేర్చుకునే పిల్లవాడు రెంటికీ లేని సంబంధాన్ని ఊహించుకుంటాడు. కాబట్టి ఈసారి నిఘంటువు తెరిచినప్పుడు, వెతికిన మాట పక్కన చిన్న అంకె కనిపిస్తే మొదటి అర్థం దగ్గరే ఆగిపోకండి, దాని కింద ఉన్న రెండో ఆరోపాన్నీ చదవండి.