ఇసాబ్‌గోల్, ఇన్యులిన్, మిథైల్ సెల్యులోజ్: వాయువును పెంచేది ఏది? సున్నిత కోష్ఠానికి హితమైనది ఏది?

మలబద్ధంతో బాధపడేవారికి పీచు పదార్థం తీసుకోవలసిందిగా వైద్యులు సలహా ఇవ్వడం పరిపాటి. ఆ సలహా పాటించిన వారిలో కొందరికి విరేచనం సాఫీగా అవుతుంది. మరికొందరికి కడుపు ఉబ్బరం, గుడగుడ శబ్దాలు, అపాన వాయువు అధికమై, పీచు అంటేనే భయం కలుగుతుంది. దీనికి కారణం పీచు పదార్థాలన్నీ ఒకే స్వభావం కలవి కాకపోవడమే. మన ఇళ్ళలో తరతరాలుగా వాడుకలో ఉన్న ఇసాబ్‌గోల్, ఇటీవల ఆరోగ్య బిస్కట్లలోనూ నమిలే బిళ్ళలలోనూ చేరుతున్న ఇన్యులిన్, అమెరికాలోని బంధువులు తెచ్చే డబ్బాలలో కనిపించే మిథైల్ సెల్యులోజ్, ఈ మూడూ నీటిలో కలిసే పీచులే. అయినా ప్రేగులలో వీటి నడవడి ఒకదానికొకటి భిన్నం.

వాయువు ఎక్కడ పుడుతుంది?

పీచును మన జీర్ణరసాలు అరిగించలేవు. అది చిన్నప్రేగు దాటి పెద్దప్రేగుకు చేరినప్పుడు, అక్కడ నివసించే సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. ఇడ్లీ పిండి పులిసి పొంగినట్లే ఇక్కడా వాయువు పుడుతుంది. ఆ వాయువులో ఉదజని, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేను ఉంటాయి. ఉదజనిలో కొంత భాగం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా బయటకు వస్తుంది. అందుచేత శ్వాసలోని ఉదజనిని కొలిచి, ప్రేగులలో ఏ పీచు ఎంతగా పులుస్తున్నదో వైద్యులు తెలుసుకోగలుగుతున్నారు.

కాబట్టి ఒక పీచు వాయువును పెంచుతుందా లేదా అన్నది రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది. సూక్ష్మజీవులు దానిని ఎంతవరకు తినగలవు అన్నది మొదటిది. ఎంత వేగంగా తినగలవు అన్నది రెండవది.

ఇన్యులిన్: త్వరగా పులిసే పీచు

ఇన్యులిన్‌ను ప్రధానంగా చికోరీ వేరు నుండి తీస్తారు. మన కాఫీ పొడిలో కలిపే చికోరీ ఈ మొక్కదే. అయితే కాఫీ కోసం వేరును బాగా వేయించినప్పుడు అందులోని ఇన్యులిన్ కొంత విచ్ఛిన్నమవుతుంది. మందుగా వచ్చే ఇన్యులిన్ మాత్రం తెల్లని, కొద్దిగా తియ్యని పొడి. నీటిలో చక్కగా కరిగిపోతుంది, జిగురు కట్టదు. తాగడానికి సుఖంగా ఉండడమే దాని ఆకర్షణ.

చిక్కు కూడా అక్కడే ఉన్నది. జిగురు లేనందున అది చిన్నప్రేగును సులువుగా దాటి, పెద్దప్రేగు తొలి భాగానికి ఒక్కసారిగా చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని అతి వేగంగా పులియబెడతాయి. మేలుచేసే సూక్ష్మజీవులకు అది మంచి ఆహారమే, సందేహం లేదు. కాని కొద్ది గంటలలోనే విస్తారంగా వాయువు పుడుతుంది. ఆరోగ్యవంతులకు ఇది గమనించదగినంత బాధ కాకపోవచ్చు. సున్నితమైన ప్రేగులు గలవారికి అదే వాయువు పోటుగా, ఉబ్బరంగా మారుతుంది.

ఉల్లి, వెల్లుల్లి, గోధుమలలో ఉండేది కూడా ఇన్యులిన్ జాతి పదార్థమే. ఉల్లిపాయ సాంబారు తిన్న సాయంత్రం కడుపు బిగిసే స్వభావం ఉన్నవారికి ఇన్యులిన్ పడే అవకాశం తక్కువ. పొట్లంపై చికోరీ పీచు అని వ్రాసి ఉన్నా అది ఇదేనని గ్రహించాలి.

ఇసాబ్‌గోల్: నీటిని పట్టి ఉంచే పీచు

ఇసపగాల విత్తుల పైపొట్టే ఇసాబ్‌గోల్. ఇది గుజరాత్ ఉత్తర ప్రాంతంలోనూ, రాజస్థాన్‌లోనూ విస్తారంగా పండుతుంది. గుర్రపు చెవి అనే అర్థంగల పారశీక పదం నుండి, విత్తు ఆకారాన్ని బట్టి, ఈ పేరు వచ్చింది. దీని ముఖ్య గుణం పిచ్ఛిలత, అనగా జిగురు. నీరు తగిలిన వెంటనే ఉబ్బి చిక్కని ముద్ద అవుతుంది. సూక్ష్మజీవులు ఈ జిగురును చాలా కొద్దిగా మాత్రమే, అదీ నిదానంగా పులియబెట్టగలవు. అందువల్ల అది పట్టిన నీరు పెద్దప్రేగు చివరి వరకు నిలిచి మలాన్ని మెత్తబరుస్తుంది. పలుచని విరేచనాలలో అదే జిగురు అధికమైన నీటిని పట్టి మలానికి రూపమిస్తుంది. ఒకే పొట్టును మలబద్ధానికీ, పెరుగుతో కలిపి విరేచనాలకూ పెద్దలు వాడడంలోని రహస్యం ఇదే.

ఈ భేదాన్ని ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రత్యక్షంగా చూపించారు. 2022లో ప్రచురితమైన వారి పరిశోధనలో ఐ.బి.ఎస్. అనే ప్రేగుల రుగ్మత గల 19 మంది పాల్గొన్నారు. వారికి వేర్వేరు రోజులలో 20 గ్రాముల ఇన్యులిన్, 20 గ్రాముల ఇసాబ్‌గోల్, ఆ రెండూ కలిపిన పానీయం, కేవలం గ్లూకోజు కలిపిన పానీయం ఇచ్చి, ఎమ్.ఆర్.ఐ. ద్వారా పెద్దప్రేగులోని వాయువును కొలిచారు. ఇన్యులిన్ తాగిన రోజున వాయువు బాగా పెరిగింది. ఇసాబ్‌గోల్ తాగిన రోజున గ్లూకోజు నీటితో సమానంగానే ఉన్నది. రెండూ కలిపి తాగినప్పుడు ఇన్యులిన్ పుట్టించే వాయువు తగ్గిపోయింది. ప్రయోగశాలలో పరిశీలించగా ఇసాబ్‌గోల్ పులియడాన్ని నేరుగా అడ్డుకోవడం లేదని తేలింది. దాని జిగురులో చిక్కిన ఇన్యులిన్ పెద్దప్రేగుకు నిదానంగా చేరడమే కారణమని భావించవచ్చు.

మిథైల్ సెల్యులోజ్: పులియని పీచు

కర్ర గుజ్జు వంటి వాటిలోని సెల్యులోజును రసాయనిక ప్రక్రియతో మార్చి దీనిని తయారుచేస్తారు. సూక్ష్మజీవులు దీనిని పులియబెట్టలేవు. సిద్ధాంతరీత్యా మూడింటిలో వాయువు అతి తక్కువగా పుట్టవలసినది ఇదే. మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం కాకపోవడం దీని లోటు. దీనిని వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇది చల్లని నీటిలోనే కరుగుతుంది. వేడినీటిలో వేస్తే సరిగా కరగక ఉండలు కడుతుంది. మనలో అనేకులకు గోరువెచ్చని నీటితో మందు తీసుకొనే అలవాటు ఉన్నందున ఈ పొరపాటు జరుగుతూ ఉంటుంది.

వాయువు వేరు, ఉబ్బరం వేరు

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. ఇసాబ్‌గోల్ వాయువును పెంచకపోతే, అది తాగిన కొందరు కడుపు ఉబ్బిందని ఎందుకు అంటారు? 1996లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన దీనికి సమాధానం చెబుతుంది. 25 మంది ఆరోగ్యవంతులకు ఇసాబ్‌గోల్, మిథైల్ సెల్యులోజ్, బాగా పులిసే లాక్టులోజ్ వేర్వేరుగా ఇచ్చి చూశారు. మామూలుగా రోజుకు సుమారు 10 సార్లు అపాన వాయువు వెలువడేవారికి లాక్టులోజ్‌తో అది సుమారు 19 సార్లకు పెరిగింది. రెండు పీచులతోనూ పెరగలేదు, శ్వాసలో ఉదజనీ పెరగలేదు. అయినప్పటికీ కడుపు ఉబ్బినట్లున్నదని మూడింటితోనూ చెప్పారు.

అనగా ఉబ్బరమంతా వాయువు కాదు. నీరు పట్టి ఉబ్బిన పీచు ప్రేగులో నిండినప్పుడు కూడా బరువు తెలుస్తుంది. ఆయుర్వేదం ఆధ్మానమని చెప్పే కడుపు బిగువుకూ, వెలువడే వాయువుకూ మధ్య ఈ భేదాన్ని రోగి తానే గుర్తించగలడు. తిన్న కొన్ని గంటలకు గుడగుడలతో మొదలై, వాయువు మాటిమాటికీ వెలువడితే అది పులియడం వల్ల కలిగినది. మొదటి రోజులలో కడుపు బరువుగా ఉండి, వాయువు సంఖ్య మారకుండా, విరేచనం అయ్యాక తేలికపడితే అది పీచు నిండడం వల్ల కలిగినది. మొదటి దానికి పీచును మార్చాలి. రెండవ దానికి మోతాదు తగ్గించి ఓపిక పట్టాలి.

ఒక ఉదాహరణ

46 సంవత్సరాల గృహిణి ఒకరికి మూడు రోజులకొకసారి గట్టి విరేచనం, సాయంత్రానికి కడుపు బిగువు ఉన్నవనుకుందాం. ముందుగా ఆమె ఏ మందూ లేకుండా ఒక వారం పాటు రోజుకు వాయువు ఎన్నిసార్లు వెలువడినదీ, విరేచనం ఎలా అయినదీ వ్రాసుకున్నది. సగటున వాయువు 10 సార్లు. తరువాత రోజుకు 5 గ్రాముల ఇన్యులిన్ తీసుకోగా నాలుగవ రోజుకు ఆ సంఖ్య 20కి చేరి, రాత్రి నిద్ర చెడింది. మాని మరొక వారం ఆగింది. సంఖ్య మళ్ళీ 10కి వచ్చింది.

అప్పుడు ఇసాబ్‌గోల్ పొట్టు ఒక టీ చెంచా, అనగా సుమారు 2 గ్రాములు, ఉదయం నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగింది. రెండవ రోజు కడుపు బరువుగా అనిపించింది, కాని వాయువు పెరగలేదు. కనుక మానలేదు, మోతాదూ పెంచలేదు. అయిదవ రోజున మెత్తని విరేచనమై బరువు తగ్గింది. రెండవ వారం సాయంత్రం మరొక చెంచా, మూడవ వారం ఇంకొక చెంచా చేర్చింది. అవసరాన్ని బట్టి రోజుకు 7 నుండి 10 గ్రాముల వరకు ఈ విధంగా పెంచుకోవచ్చు. మొదటి రోజునే రెండు పెద్ద చెంచాలు అరగ్లాసు నీటితో మింగేవారికే ఇబ్బంది ఎక్కువ.

ఎవరికి ఏది?

ఐ.బి.ఎస్. రోగులకు మొదటి ఎంపిక ఇసాబ్‌గోలే. 2009లో ప్రచురితమైన డచ్చి పరిశోధనలో 275 మందికి 12 వారాలపాటు రోజుకు 10 గ్రాముల ఇసాబ్‌గోల్ లేదా తవుడు లేదా బియ్యపు పిండి ఇచ్చి చూడగా, ఇసాబ్‌గోల్ ఉపశమనం కలిగించింది. బాధ పెరిగిందని మధ్యలో మానినవారు తవుడు తీసుకున్నవారిలోనే ఎక్కువ. ఇసాబ్‌గోల్ కొద్ది మోతాదులో కూడా పడనివారు, లేదా దాని పొడి పీల్చగానే తుమ్ములు, ఆయాసం వంటి ఎలర్జీ వచ్చేవారు మిథైల్ సెల్యులోజ్ ప్రయత్నించవచ్చు. ఇన్యులిన్‌ను ప్రేగులు దృఢంగా ఉన్నవారు 2, 3 గ్రాములతో ఆరంభించాలి. సున్నిత కోష్ఠం గలవారు దానికి దూరంగా ఉండడమే మంచిది.

కొనేటప్పుడు డబ్బా వెనుక చదవాలి. కొన్ని పొడులలో పీచుతోపాటు సునాముఖి కలిసి ఉంటుంది. దానితో కడుపు నులినొప్పి వస్తే నింద పీచుపై పడుతుంది.

ఇసాబ్‌గోల్‌ను పొడిగా నోట్లో వేసుకోరాదు, పడుకొనే ముందు తాగరాదు. మింగడం కష్టంగా ఉన్నవారు, ప్రేగు సన్నబడినవారు వాడనే కూడదు. ఇతర మందులకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. మధుమేహానికి మందులు వాడేవారు రక్తంలో చక్కెరను గమనించుకోవాలి. సరిగా వాడినా మూడు వారాలలో విరేచనం సాఫీ కాకపోతే, ముక్కినా మలం బయటకు రాకపోతే, అది పీచు లోపం కాకపోవచ్చు. మలద్వార కండరాల పనితీరును పరీక్షించుకోవాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, 50 ఏళ్ళు దాటాక కొత్తగా విరేచనపు తీరు మారడం కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి. వాయువు కూడా వెలువడకుండా కడుపు ఉబ్బి వాంతులైతే ఏ పీచూ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.